‘నిర్ణయించడం జరిగింది’ సరే, చేసేదెవరు?

ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగ్ అయింది. సోమవారం సెక్రటరీ గారు దాని సారాంశం మెయిల్‌గా రాసి, అందరికీ పంపేముందు ‘ఒక్కసారి చూసి పెట్టండి’ అంటూ మీకు పంపారు. ఇలాంటప్పుడు మనలో చాలామంది అక్షరదోషాలు వెతుకుతాం. పేర్ల వెనక ‘గారు’ పడిందో లేదో చూస్తాం. తర్వాత ‘బాగుందండీ, పంపేయండి’ అంటాం. రెండు వారాలు గడిచాక మళ్లీ అదే హాల్లో కూర్చుని, ‘కొటేషన్లు మీరు తెస్తారనుకున్నానే’ అని ఒకరు, ‘నేనెప్పుడన్నాను?’ అని ఇంకొకరు మొదలుపెడతారు. ఆ మాటలకు విత్తనం సోమవారం నాటి మెయిల్లోనే ఉంటుంది. చూసి పెట్టమన్నప్పుడు చూడాల్సింది దాన్నే.

ఆఫీసుల్లోనూ ఇదే తంతు. కానీ అపార్ట్‌మెంట్ కమిటీలో జీతాలుండవు, పైఅధికారి ఉండడు, ఎవరినీ గట్టిగా అడగలేరు. అందువల్ల మెయిల్లోని లోపం అక్కడ ఇంకా బాగా బయటపడుతుంది. హైదరాబాద్‌లో అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఉందనుకుందాం. మార్చి 8 ఆదివారం కమిటీ కూర్చుంది. సెక్రటరీ గారు రాసిన మెయిల్ ఇదీ:

> విషయం: మీటింగ్ వివరాలు
>
> అందరికీ నమస్కారం. ఆదివారం మీటింగ్‌కు వచ్చిన సభ్యులందరికీ ధన్యవాదాలు. అనేక విషయాలపై మంచి చర్చ జరిగింది. రెండో బోరు మోటారు తరచూ ట్రిప్ అవుతున్న విషయం చర్చకు వచ్చింది. ఇప్పటికే రెండుసార్లు రీవైండింగ్ చేయించామని, మళ్లీ చేయిస్తే ఎన్నాళ్లు వస్తుందో చెప్పలేమని 204 వారు అన్నారు. కొత్త మోటారు వేయిస్తేనే మంచిదని భావించడం జరిగింది. కొటేషన్లు తెప్పించాలి. అప్పటివరకు అవసరాన్ని బట్టి ట్యాంకర్లు పెంచుకుందాం. లిఫ్టు ఏఎంసీ నెలాఖరుకు అయిపోతోంది, అది కూడా చూడాలి. మెయింటెనెన్స్ చదరపు అడుగుకు 50 పైసలు పెంచడానికి అందరూ సానుకూలంగా ఉన్నారు. పెయింటింగ్ ప్రస్తుతానికి వద్దనుకున్నాం. అన్నీ వీలైనంత త్వరగా, పండగలోపు పూర్తయ్యేలా చూద్దాం.

తప్పుల్లేవు, మర్యాదగా ఉంది, మీటింగ్‌లో నడిచిందంతా ఉంది. దీన్ని చదివి ‘బాగుంది’ అనకుండా ఉండటం కష్టమే.

ఇప్పుడు మళ్లీ చదవండి, ఈసారి ప్రతి వాక్యం చివర క్రియ దగ్గర ఆగుతూ. జరిగింది, వచ్చింది, భావించడం జరిగింది, తెప్పించాలి, పెంచుకుందాం, చూడాలి, చూద్దాం. ప్రతిదాని ముందూ ‘ఎవరు?’ అని అడగండి. కొటేషన్లు తెప్పించాలి, ఎవరు? లిఫ్టు సంగతి చూడాలి, ఎవరు? కర్తను వదిలేసినా తెలుగు వాక్యం చక్కగా నిలబడుతుంది. అది మన భాషకున్న సౌలభ్యం, ఇలాంటి మెయిల్‌కు మాత్రం అదే గండం. మొత్తం మెయిల్లో గుర్తుపట్టగలిగేలా ప్రస్తావన వచ్చిన మనిషి ఒక్కరే, 204 వారు. ఆయన ఒక మాట అన్నారంతే, ఆయన చేయాల్సిన పనేమీ లేదు.

తర్వాత ప్రతి వాక్యం పక్కనా ఒక అక్షరం వేయండి. తేలిపోయిన నిర్ణయానికి ‘ని’, ఎవరో చేయాల్సిన పనికి ‘ప’, వట్టి చర్చకు ‘చ’, ఇంకా తేలనిదానికి ‘తే’. ప్రింటు తీసి పెన్నుతో వేస్తే మరీ మంచిది. ఈ మెయిల్‌కు అలా వేసి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. సందేహం లేకుండా ‘ని’ పడే వాక్యం ఒక్కటే ఉంది. పెయింటింగ్ వద్దనుకున్నాం అన్నది. అది చివరినుంచి రెండో వాక్యంగా ఎక్కడో అడుగున పడి ఉంది. పెయింటింగ్ కాంట్రాక్టరుతో మాట్లాడుతున్న సభ్యుడు అక్కడిదాకా చదవకపోతే, కొటేషన్ తీసుకుని వచ్చే మీటింగ్‌కు ఉత్సాహంగా వచ్చేస్తాడు.

ఏ అక్షరం వేయాలో తోచని వాక్యాలూ ఉంటాయి. అసలు పని అక్కడే మొదలవుతుంది. ‘కొత్త మోటారు వేయిస్తేనే మంచిదని భావించడం జరిగింది.’ ఇది నిర్ణయమా, అభిప్రాయమా? మెయిల్ చదివి తేల్చలేం. సెక్రటరీ గారికి ఫోన్ చేయాల్సిందే.

“సెక్రటరీ గారూ, మోటారు సంగతి ఖాయం చేసినట్టేనా?”

“ఖాయమేనండీ. మళ్లీ రీవైండింగ్ మాటెత్తొద్దన్నారు ప్రెసిడెంట్ గారు. కాకపోతే రేట్లు చూశాకే కొందామన్నారు.”

అంటే ఒక వాక్యంలో రెండు సంగతులు కలిసిపోయాయన్నమాట. రీవైండింగ్ వద్దన్నది తేలిపోయింది. ఏ మోటారు, ఎంతకు అన్నది తేలలేదు. రెండింటినీ విడదీసి రాయాలి. విడదీయకపోతే తొందరపడే మనిషి వెళ్లి అడ్వాన్సు ఇచ్చేస్తాడు, నిదానస్తుడు ఇంకా ఏదీ తేలలేదనుకుని కూర్చుంటాడు. చిత్రమేమిటంటే ఇద్దరూ ఆ మెయిల్‌నే చూపిస్తారు.

మెయింటెనెన్స్ పెంపు ఇంతకంటే చిక్కు. ‘అందరూ సానుకూలంగా ఉన్నారు’ అన్నదాన్ని స్పష్టంగా మార్చాలని ‘50 పైసలు పెంచాలని నిర్ణయం’ అని దిద్దామనుకోండి. వాక్యం సూటిగానే ఉంటుంది, కానీ అబద్ధమవుతుంది. ఈ సంఘం బైలాస్ ప్రకారం మెయింటెనెన్స్ మార్చే అధికారం జనరల్ బాడీది. కమిటీ సిఫార్సు మాత్రమే చేయగలదు. ‘అందరూ’ అంటే హాల్లో కూర్చున్న ఏడుగురే, అరవై ఫ్లాట్ల వాళ్లు కాదు. దిద్దిన మెయిల్ బయటికి వెళ్తే సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపు భగ్గుమంటుంది. మెయిల్ దిద్దేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదేనని నా ఉద్దేశం. మసకగా ఉన్న వాక్యం కనిపించగానే దానికి పదును పెట్టేస్తారు. కానీ మసక రాతలో ఉందా, మీటింగ్‌లోనే ఉందా అన్నది ముందు తెలుసుకోవాలి. రాతలో ఉంటే దిద్దాలి. మీటింగ్‌లోనే ఉంటే ‘ఇది తేలలేదు’ అని స్పష్టంగా రాయాలి. ‘తేలలేదు’ అని రాయడానికి చాలామందికి మొహమాటం, మీటింగ్ వృథా అయిందన్నట్టు ఉంటుందని. కానీ తేలలేదని రాసి ఉంటే, ఎవరూ తేలినట్టు నటించలేరు.

ఇక పని ఎవరిదన్న ప్రశ్న. ‘కమిటీ చూస్తుంది’, ‘మనం చేద్దాం’ అని రాయడం పేరు రాయకపోవడంతో సమానం. ఇద్దరి పేర్లు కలిపి రాసినా అంతే, ఒకరి మీద ఒకరు ఆధారపడి ఊరుకుంటారు. మనుషుల ఈ స్వభావాన్ని మెయిళ్ల విషయంలో పరీక్షించి చూసినవాళ్లున్నారు. గ్రెగ్ బారన్, ఎల్దాద్ యెహియామ్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో తమ ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక విద్యాసంస్థలో జీవశాస్త్ర విభాగం ఉందా అన్న చిన్న ప్రశ్నను మెయిల్ చేశారు. కొందరికి విడిగా పంపారు. కొందరికి, అదే మెయిల్ మరో నలుగురికి కూడా వెళ్లిందని కనిపించేలా పంపారు. విడిగా అందుకున్నవాళ్ల దగ్గర్నుంచి జవాబులు ఎక్కువ వచ్చాయి, వచ్చినవి మరింత ఉపయోగకరంగా కూడా ఉన్నాయి. కళ్లముందు నలుగురి చిరునామాలుంటే, జవాబు ఎవరో ఒకరు ఇస్తారులే అనిపిస్తుంది. మన కమిటీ మెయిల్ ఏడుగురికి వెళ్తోంది.

అందుకని ఒక పనికి ఒక్క పేరే ఉండాలి. సాయం ఎంతమందైనా చేయొచ్చు, అడిగితే జవాబు చెప్పాల్సింది మాత్రం ఒక్కరే. మెయిల్ పంపేటప్పుడు కూడా పనులున్న నలుగురి చిరునామాలు ‘టు’లో పెట్టి, మిగిలినవాళ్లను ‘సీసీ’లో పెడితే, ఎవరి కోసం రాశారో తెరవకముందే తెలుస్తుంది.

పేరు దొరకనప్పుడే ఇబ్బంది. మోటారు కొటేషన్లు ఎవరు తెస్తామన్నారని అడిగితే సెక్రటరీ గారు, “302 ఆయన మోటార్ల షాపు వాళ్లు తెలుసన్నారుగా” అన్నారు. తెలుసనడం వేరు, తెస్తాననడం వేరు. అడక్కుండా మెయిల్లో 302 అని రాసేస్తే ఆయన దాన్ని తన పనిగా తీసుకోడు, పైగా నొచ్చుకుంటాడు. మెయిల్ పంపేముందు ఫోన్ చేసి, “కొటేషన్లు మీ పేరున రాయమంటారా?” అని అడగాలి. ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే ఇంకెవరినైనా అడగాలి. ఎవరూ దొరక్కపోతే ‘తేలనివి’ కింద ‘కొటేషన్లు తెచ్చేవారు కావాలి’ అని రాయాలి. ఊరికే ‘తెప్పించాలి’ అని రాసి ముగించకూడదు.

మన దగ్గర పేరు రాయకపోవడానికి మరుపొక్కటే కారణం కాదు. పెద్దాయన పేరు పక్కన పనీ తేదీ వేస్తే హోంవర్కు ఇచ్చినట్టుంటుందని సంకోచిస్తాం. ఆ సంకోచంతోనే ‘చూడాలి’, ‘చేద్దాం’ అంటూ మనుషుల్ని తప్పించి రాస్తాం. దీనికి తెలుగులోనే దారి ఉంది. ‘ట్రెజరర్ గారు రేట్లు తెప్పించాలి’ అంటే ఆజ్ఞలా వినిపిస్తుంది. ‘ట్రెజరర్ గారు మార్చి 12లోగా రేట్లు తెప్పిస్తారు’ అంటే ఆయన ఒప్పుకున్న మాటను మనం నమోదు చేసినట్టుంటుంది. ‘-ఆలి’ తీసేసి ‘-తారు’ పెడితే గౌరవం దక్కుతుంది, పేరూ తేదీ అలాగే ఉంటాయి. మెయిళ్లలో అలవాటైపోయిన ‘పరిశీలించగలరు’ మాత్రం ఇక్కడ పనికిరాదు, అది విన్నపం. విన్నపాన్ని ఎన్నాళ్లైనా పక్కన పెట్టొచ్చు.

పేరు తర్వాత చూడాల్సింది, పని ఎక్కడ పూర్తయినట్టో రాశారా అని. ‘కొటేషన్లు తెప్పించాలి’ అంటే ఎన్ని, దేనికి? ఒక షాపువాడు ఐదు హార్స్‌పవర్ మోటారుకు రేటిస్తాడు, ఇంకొకడు ఏడున్నరకు. ఒకడు మోటారు ధర మాత్రమే చెప్తాడు. ఇంకొకడు పాత మోటారు పైకి తీసి కొత్తది దింపే కూలీ, కేబులు కూడా కలిపి చెప్తాడు. అవి మీటింగ్‌కు వస్తే పోల్చడం కుదరక, మళ్లీ తెమ్మనడంతో మరో రెండు వారాలు పోతాయి. ఇప్పుడున్న మోటారు సామర్థ్యానికే, దింపే ఖర్చు, కేబులు, వారంటీ విడివిడిగా కనిపించేలా, మూడు షాపులనుంచి. ఇంతమాత్రం రాస్తే చాలు. పెద్దగా కలం కదిపే పని కాదిది.

ట్యాంకర్ల వాక్యంలో ‘అవసరాన్ని బట్టి’ అన్న మాట నిరపాయంగా కనిపిస్తుంది. కానీ అవసరం వచ్చిందని చెప్పేదెవరు? పై అంతస్తువాళ్లకు పొద్దున్నే నీళ్లు రాకపోతే అవసరం. ఖర్చు చూసే ట్రెజరర్‌కు సంపు పూర్తిగా అడుగంటితేనే అవసరం. కాబట్టి అందరి కంటికీ ఒకేలా కనిపించే గుర్తు కావాలి. పొద్దున ఆరింటికి వాచ్‌మన్ సంపు చూసినప్పుడు నీళ్లు మూడడుగులకంటే తక్కువుంటే ఆ రోజు ట్యాంకర్ చెప్పాలి అన్నట్టుగా. ఆ మూడడుగులన్నది కూడా మనం ఊహించి రాయకూడదు. సెక్రటరీని అడిగి, ఆయన జాయింట్ సెక్రటరీని అడిగి, తెలుసుకున్నాకే రాయాలి.

తేదీల దగ్గర ‘వీలైనంత త్వరగా’ను కొట్టేయడానికి ఎవరూ వెనకాడరు. ‘పండగలోపు’, ‘వచ్చే ఆదివారం’ లాంటివి మాత్రం తప్పించుకుంటాయి. పండగలోపు అంటే ముందురోజు రాత్రి వరకా, ఊరెళ్లేవాళ్లు బయల్దేరేలోపా? సోమవారం పంపిన మెయిల్‌ను శనివారం తెరిచినవాడికి ‘వచ్చే ఆదివారం’ అంటే రేపా, ఎనిమిది రోజుల తర్వాతా? తేదీ, వారం రెండూ రాస్తే ఈ గొడవే ఉండదు. తేదీని వెనకనుంచి లెక్కేసుకోవాలి. లిఫ్టు ఏఎంసీ మార్చి 31తో ముగుస్తుంది. దానికి ముందు కమిటీ కూర్చునేది 22న. రేట్లు నచ్చకపోతే వేరే కంపెనీని అడగడానికీ వ్యవధి కావాలి. అందుకని ఇప్పటి కంపెనీ రేటు 12కే చేతిలో ఉండాలి. ‘నెలాఖరుకు’ అని రాసుకుంటే నెలాఖరున రేటొస్తుంది, ఒకటో తారీఖున లిఫ్టు ఆగితే పిలవడానికి ఎవరూ ఉండరు.

ఈ ఫోన్లన్నీ అయ్యాక, దిద్దిన మెయిల్ ఇలా తయారైంది:

> విషయం: మార్చి 8 మీటింగ్: 2 నిర్ణయాలు, 4 పనులు
>
> నిర్ణయాలు
>
> 1. రెండో బోరు మోటారుకు మళ్లీ రీవైండింగ్ వద్దు, కొత్తది వేయిద్దాం. ఏది, ఎంతకు అన్నది మార్చి 22 మీటింగ్‌లో.
>
> 2. పెయింటింగ్ ఈ వేసవిలో లేదు. అక్టోబరు మీటింగ్‌లో మళ్లీ మాట్లాడదాం.
>
> పనులు
>
> జాయింట్ సెక్రటరీ గారు (108): మార్చి 22 వరకు, పొద్దున 6కి సంపులో నీళ్లు 3 అడుగులకు తగ్గిన రోజున ట్యాంకర్ తెప్పిస్తారు. రోజుకు రెండు దాటితే ముందుగా ప్రెసిడెంట్ గారికి చెబుతారు.
>
> ట్రెజరర్ గారు (401): మార్చి 12 గురువారం లోగా లిఫ్టు ఏఎంసీకి ఇప్పటి కంపెనీ రేట్లు తెప్పిస్తారు. విడిభాగాలతో కలిపి ఒకటి, అవి లేకుండా ఒకటి.
>
> సెక్రటరీ (506): మార్చి 15 ఆదివారం లోగా జనరల్ బాడీ నోటీసు పంపుతాను.
>
> 302 వారు: మార్చి 18 బుధవారం లోగా మోటారుకు మూడు కొటేషన్లు మెయిల్ చేస్తారు. ఇప్పటి సామర్థ్యమే. దింపే ఖర్చు, కేబులు, వారంటీ విడివిడిగా.
>
> తేలనిది
>
> మెయింటెనెన్స్ 50 పైసల పెంపు. కమిటీ అనుకూలం. నిర్ణయం జనరల్ బాడీది.
>
> తప్పున్నా, ఏదైనా వదిలేసినా మార్చి 10 మంగళవారం రాత్రి 9లోగా చెప్పండి.

చర్చ ఏమైందని అడగొచ్చు. 204 వారు రీవైండింగ్ గురించి అన్నమాట ఎందుకు పోయిందని ఆయనే అడగొచ్చు. అమెరికా సైన్యంలో ఇంజినీరుగా పనిచేసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ 1876లో సభా నిర్వహణ నియమాల పుస్తకం తెచ్చాడు. సభల్లో దానికి ఇప్పటికీ గౌరవం ఉంది. మినిట్స్‌లో సభ ఏం చేసిందో రాయాలి కానీ సభ్యులు ఏమన్నారో కాదన్నది ఆ సంప్రదాయం. మినిట్స్‌కే అంత కట్టడి ఉంటే, పని నడిపించడానికి రాసే మెయిల్‌కు ఇంకా ఎక్కువ ఉండాలి. ‘రెండుసార్లు రీవైండింగ్ అయింది కాబట్టి’ అన్న కారణం భవిష్యత్తులో పనికొస్తుందనుకుంటే నిర్ణయం కింద ఒక్క వరుసలో పెట్టొచ్చు. నేనైతే పెడతాను, ఎందుకంటే వచ్చే కమిటీ మళ్లీ ఇదే ప్రశ్న వేస్తుంది. అంతకుమించితే మినిట్స్ పుస్తకంలోకి. ఈ మెయిల్ మినిట్స్‌కు బదులు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కంపెనీల బోర్డు మీటింగుల సంగతే చూడండి, 2013 కంపెనీల చట్టం ప్రకారం మినిట్స్ 30 రోజుల్లోగా పుస్తకంలో నమోదు కావాలి. లిఫ్టు సంగతి అన్ని రోజులు ఆగదు. మెయిల్ మరుసటి రోజే వెళ్లాలి, మినిట్స్ తమ దారిన తాము వస్తాయి.

అందంగా కనిపించాలని చాలామంది పనుల్ని పట్టిక గీసి, పేర్లకు రంగులు వేస్తారు. కంప్యూటర్ తెరమీద బాగానే ఉంటుంది. కానీ ఈ మెయిల్‌ను సగం మంది ఫోన్లోనే చూస్తారు, ఎవరో ఒకరు కాపీ చేసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. అక్కడికి వెళ్లేసరికి రంగులు పోతాయి, లావు అక్షరాలు మామూలైపోతాయి, పట్టిక గళ్లు చెదిరి పేరొక చోట తేదీ ఒక చోట పడతాయి. వరుస మొదట్లో పేరు, పనికో వరుస, మధ్యలో ఖాళీ అన్నవి ఎక్కడికెళ్లినా చెదరవు. అందుకే పై మెయిల్లో అలంకారమేమీ లేదు. పంపేముందు మీ ఫోనుకే ఒకసారి పంపుకుని, వేలితో కిందికి జరపకుండా రెండు నిర్ణయాలూ కనిపిస్తున్నాయా అని చూస్తే సరిపోతుంది.

ఇంకో పరీక్ష ఉంది. ఆ ఆదివారం మీటింగ్‌కు రాని సభ్యుడొకరికి చూపించి, “లిఫ్టు సంగతి ఎవరిని అడగాలి?” అని అడగండి. ఆయన మెయిల్ చూసి వెంటనే ‘ట్రెజరర్ గారిని, పన్నెండు తర్వాత’ అనగలిగితే పంపేయొచ్చు. మీటింగ్‌లో ఉన్నవాళ్లకు చూపిస్తే లాభం లేదు, రాయనిది కూడా వాళ్లకు గుర్తొచ్చేస్తుంది.

పంపాక ఎవరైనా తప్పు పట్టుకుంటే మెయిల్‌ను చడీచప్పుడు లేకుండా మార్చి మళ్లీ పంపకూడదు. అదే వరుసలో పైన ‘సవరణ’ అని రాసి, మారిన వాక్యం ఒక్కటే ఇవ్వాలి. వచ్చే మీటింగ్ తర్వాతి మెయిల్లో పాత పనులే ముందు రావాలి, ఏది అయింది, ఏది కాలేదు అని. కానిదానికి కొత్త తేదీ వేసినప్పుడు పాత తేదీని పక్కనే ఉంచాలి, ‘మార్చి 18 అనుకున్నది, 25కి’ అన్నట్టు. అదే వరుస రెండోసారీ జరిగిందంటే 302 ఆయన బద్ధకమని తేల్చేయకండి. పాత మోటారు పైకి తీసి చూడందే రేటు చెప్పలేమని షాపువాళ్లు అంటూ ఉండొచ్చు. పైకి తీయడానికి కూలీ అవుతుంది, ఆ డబ్బు ఇవ్వమని కమిటీ ఎవరికీ చెప్పలేదు. అలాంటప్పుడు మెయిల్లో రాయాల్సింది కొత్త తేదీ కాదు. మోటారు పైకి తీయించే ఖర్చుకు అనుమతి అన్న కొత్త నిర్ణయం, దాని పక్కన ట్రెజరర్ గారి పేరు.